వడ్డీరేటు, గడువు, నెలసరి వాయిదా: డేటా టేబుల్ ద్వారా తులనాత్మక పరిశీలన

గృహరుణం తీసుకొనదలచినవారు సాధారణంగా నెలసరి వాయిదా ఎంత అని మాత్రమే విచారిస్తారు. ఆ మొత్తాన్ని నిర్ణయించేవి అసలు, వడ్డీరేటు, గడువు అనే మూడు అంశాలు. అసలు స్థిరమనుకున్నా, మూడు రేట్లకు మూడు గడువులను జోడిస్తే తొమ్మిది లెక్కలు చేయవలసి వస్తుంది. ఎక్సెల్‌లోని డేటా టేబుల్ ఈ తొమ్మిదింటిని ఒకే సూత్రంతో చూపుతుంది.

30 లక్షల రూపాయల రుణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. B1 గడిలో 3000000, B2లో వార్షిక వడ్డీరేటు 9%, B3లో గడువు 20 సంవత్సరాలు నమోదు చేయాలి. B4లో వాయిదా సూత్రం రాయాలి.

```
=-PMT(B2/12,B3*12,B1)
```

వాయిదా నెలనెలా చెల్లించేది కనుక రేటును 12తో భాగించి, సంవత్సరాలను 12తో గుణించాలి. PMT చెల్లింపును రుణసంఖ్యగా ఇస్తుంది గనుక ముందు వ్యవకలన చిహ్నం అవసరం. ఫలితం 26,992 రూపాయలు.

ఇక పట్టిక. A7లో `=B4` అని రాయాలి. దాని కుడివైపు B7 నుండి D7 వరకు 15, 20, 25 అనే గడువులను, దాని కింద A8 నుండి A10 వరకు 8.5%, 9%, 9.5% అనే రేట్లను నింపాలి. A7:D10 మొత్తాన్ని ఎంచుకొని Data, What-If Analysis, Data Table వరుసగా నొక్కాలి. తెరుచుకొనే చిన్న పెట్టెలో Row input cell వద్ద B3ను, Column input cell వద్ద B2ను చూపాలి. పై అడ్డువరుసలో గడువులున్నాయి కనుక ఆ విలువలు B3 స్థానంలోకి వెళ్లాలి. ఎడమ నిలువువరుసలోని రేట్లు B2లోకి వెళ్లాలి. ఎక్సెల్ ఒక్కొక్క జతను ఆ రెండు గడులలో ప్రవేశపెట్టినట్లు భావించి, సూత్రాన్ని మళ్లీ లెక్కించి ఫలితాన్ని నింపుతుంది. అసలు గడులలోని విలువలు మారవు.

| రేటు | 15 ఏళ్లు | 20 ఏళ్లు | 25 ఏళ్లు |
|---|---|---|---|
| 8.5% | 29,542 | 26,035 | 24,157 |
| 9% | 30,428 | 26,992 | 25,176 |
| 9.5% | 31,327 | 27,964 | 26,211 |

పట్టిక సరిగా ఉన్నదా అనడానికి సులభమైన పరీక్ష ఉంది. 9%, 20 ఏళ్లు కలిసే గడిలోని విలువ B4తో ఏకీభవించాలి. రెండు చిరునామాలు తారుమారైతే 15 అనే గడువు రేటుగా, అంటే 1500 శాతంగా మారిపోతుంది. మొదటి గడిలోనే వాయిదా 66 లక్షలు దాటి కనిపిస్తుంది. అడ్డువరుసలన్నీ ఒకేలా వస్తే సూత్రంలో B2కు బదులుగా రేటును అంకెగా రాశారని గ్రహించాలి. B1 మార్చినా పట్టిక కదలకపోతే గణన విధానం డేటా టేబుల్‌లను మినహాయించి ఉండవచ్చు. F9 నొక్కితే తాజా విలువలు వస్తాయి. B2, B3 గడులు పట్టిక ఉన్న షీటులోనే ఉండాలి. లేకుంటే ఎక్సెల్ వాటిని అంగీకరించదు.

పట్టికలో పరిశీలించదగిన జత ఒకటుంది. 8.5%, 20 ఏళ్ల వాయిదా 26,035, 9.5%, 25 ఏళ్ల వాయిదా 26,211. నెలకు తేడా 176 రూపాయలు మాత్రమే. వాయిదానే చూసేవారికి ఈ రెండు రుణాలూ దాదాపు సమానం. కానీ మొదటిదానిలో మొత్తం వడ్డీ సుమారు 32.48 లక్షలు, రెండవదానిలో 48.63 లక్షలు. పదహారు లక్షల పైచిలుకు వ్యత్యాసాన్ని ఒక్క వాయిదాల పట్టిక దాచివేస్తుంది. అందుచేత B5లో మొత్తం వడ్డీ సూత్రాన్ని రాసి, A13లో `=B5` ఉంచి, అవే రేట్లు, గడువులతో రెండవ పట్టికను నిర్మించడం అవసరం.

```
=B4*B3*12-B1
```

రేటు 9% వద్దే ఉండి గడువు 20 నుండి 25 ఏళ్లకు పెరిగినా ఇదే కనిపిస్తుంది. వాయిదా 1,816 రూపాయలు తగ్గుతుంది, వడ్డీ 10.75 లక్షలు పెరుగుతుంది.

నిజానికి కేవలం వాయిదా కోసమైతే డేటా టేబుల్ తప్పనిసరి కాదు. B8లో `=-PMT($A8/12,B$7*12,$B$1)` రాసి మిగిలిన గడులకు లాగినా అదే ఫలితం వస్తుంది; డేటా టేబుల్ సౌకర్యం లేని గూగుల్ షీట్స్‌లో ఇదే మార్గం. లెక్క అనేక మధ్యంతర గడుల గుండా సాగినప్పుడే డేటా టేబుల్ ప్రయోజనం స్పష్టమవుతుంది.

ఈ పట్టిక ప్రతి రేటూ రుణకాలమంతా మారదని భావిస్తుంది. చర వడ్డీ రుణాలలో అలా జరగదు. రేటు మధ్యలో మారితే ఆనాటి బకాయిని B1లోనూ, మిగిలిన గడువుకు అటూ ఇటూ ఉన్న సంవత్సరాలను B7 నుండి D7 వరకూ నింపి చూడాలి. వాయిదా పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా అనే ప్రశ్న రుణగ్రహీత ముందుకు వచ్చేది అప్పుడే.