వినికిడి తగ్గుతున్న ఉద్యోగికి ఆడియాలజిస్టు రాసే లేఖ

వినికిడి క్రమంగా తగ్గుతున్న ఉద్యోగికి పనిచోట ఏయే మార్పులు కావాలో యాజమాన్యానికి చెప్పే పత్రమే ఆడియాలజిస్టు లేఖ. చెవి పరీక్ష రిపోర్టు వేరు, ఈ లేఖ వేరు. రిపోర్టు డెసిబెళ్లలో మాట్లాడుతుంది. లేఖ ఆ డెసిబెళ్లను ఆఫీసు పనిలోకి మార్చి చెప్పాలి. చాలా లేఖలు ఆ పని చేయవు. ‘రెండు చెవులకూ నరాల సంబంధిత వినికిడి లోపం ఉంది, తగిన సదుపాయాలు కల్పించగలరు’ అని రెండు ముక్కల్లో ముగిస్తే, చదివిన అధికారికి ఏం చేయాలో తెలియక ఫైల్లో పెట్టేస్తాడు.

ఊహకు ఒక అకౌంట్స్ ఉద్యోగిని తీసుకుందాం. 2021లో తీసిన ఆడియోగ్రామ్‌లో నాలుగు ముఖ్య స్థాయిల్లో, అంటే 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల దగ్గర, ఆమెకు వినపడే కనిష్ఠ శబ్దాలు వరుసగా 30, 40, 50, 65 డెసిబెళ్లు. 2024లో అవి 40, 50, 60, 75 అయ్యాయి. సగటు 46 నుంచి 56కు చేరింది. లోపం ముదురుతోందని చెప్పడానికి ఒక్క పరీక్ష చాలదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపడమే లేఖకు పునాది.

తర్వాత చెప్పాల్సింది ఆ అంకెల అర్థం. ఆమెకు దెబ్బ ఎక్కువగా తగిలింది హెచ్చు స్థాయి ధ్వనులకు. అచ్చులు గట్టిగా ఉంటాయి కాబట్టి మాట వినపడుతుంది. స, త, క లాంటి హల్లులు జారిపోతాయి కాబట్టి మాట తెలియదు. ‘పదిహేను’ అన్నారో ‘పదిహేడు’ అన్నారో తేలని క్షణాలు లెక్కల పనిలో చిన్నవి కావు. నిశ్శబ్దపు గదిలో ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆమె దాదాపు అంతా అందుకుంటుంది. ఏసీ హోరు, పక్కవాళ్ల మాటలు తోడైతే సగం పోతుంది. ‘నాతో బాగానే మాట్లాడుతుందిగా’ అని పై అధికారి అనుమానించేది ఇక్కడే. అందుకే నిశ్శబ్దంలో ఎంత, రొదలో ఎంత అన్న రెండు ఫలితాలూ లేఖలో విడివిడిగా ఉండాలి.

వినికిడి యంత్రం ఉంటే చాలదా అన్న ప్రశ్నకూ జవాబు అక్కడే రాయాలి. ఖాళీ చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. యంత్రం మాటతోపాటు రొదనూ పెంచుతుంది. మీటింగు బల్ల అవతలి చివర ఉన్న మనిషి గొంతును అది దగ్గరకు తేలేదు. మాట్లాడేవారి ముందు పెట్టే వైర్‌లెస్ మైకు ఆ గొంతును నేరుగా యంత్రంలోకి పంపుతుంది. కాబట్టి సిఫారసు ఇలా ఉండాలి: ‘ముగ్గురికి మించిన సమావేశాల్లో ఉద్యోగి యంత్రానికి జతపడే వైర్‌లెస్ మైకు వాడాలి. మాట్లాడేవారి ముఖం కనిపించే కుర్చీ ఇవ్వాలి. అంకెలు, గడువులు అదే రోజు రాతలో పంపాలి.’ ఆన్‌లైన్ సమావేశాలకు క్యాప్షన్లు, అగ్నిప్రమాద హెచ్చరికకు వెలిగే దీపం కూడా చేర్చవచ్చు. ప్రతి సిఫారసు పక్కనా కారణం ఒక్క వాక్యంలో ఉంటే, దాన్ని అనవసరమని కొట్టేయడం కష్టం.

లేఖ దాటకూడని గీత కూడా ఉంది. ‘ఈమె ఫోన్ పని చేయలేదు’ అని తీర్పు రాస్తే మేలుకన్నా కీడే ఎక్కువ, ఎందుకంటే ఫోన్ ధ్వనిని నేరుగా యంత్రంలోకి పంపే దారులున్నాయి. విడి గదిలో కూర్చోబెట్టమని రాస్తే రొద తగ్గుతుంది, మనుషులూ దూరమవుతారు. ఉద్యోగి అనుమతి లేకుండా లేఖ పంపకూడదు. జబ్బు చరిత్రంతా యాజమాన్యానికి అక్కర్లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లో మాట స్థాయిల దగ్గర 60 నుంచి 70 డెసిబెళ్ల లోపం ఉన్నవారిని ‘వినికిడి మందగించినవారు’ అంటుంది, 70 ఉంటే ‘బధిరులు’ అంటుంది. ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా వైకల్యం పొందితే తొలగించరాదని, హోదా తగ్గించరాదని అదే చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. పై ఉద్యోగి ఇంకా 56 దగ్గరే ఉంది. చట్టపు అంకె చేరకముందే ఇబ్బంది మొదలైంది కాబట్టి, ఆమె లేఖ సెక్షన్ల మీద కన్నా పని వివరాల మీదే గట్టిగా నిలబడాలి.

చివర తిరిగి పరీక్షించే తేదీ తప్పనిసరి. ముదిరే లోపానికి ఈ ఏటి సిఫారసు వచ్చే ఏటికి చాలకపోవచ్చు. మూడు రోజుల్లోపే వినికిడి ఒక్కసారిగా పడిపోతే మాత్రం ఆ తేదీ దాకా ఆగకుండా వెంటనే చెవి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పాత ఆడియోగ్రామ్‌లను ఒక్కటి కూడా పారేయవద్దు.