64 కేబీల్లో ఆడే బొమ్మ

వాట్సాప్‌లో చెయ్యి ఊపే స్టిక్కర్ నిజానికి రంగు చుక్కలతో కూర్చిన బొమ్మల వరస. 512 పిక్సెళ్ల చదరంలో, వెబ్‌పీ ఫైలుగా 500 కేబీ దాటకూడదు. కదలని స్టిక్కరుకైతే 100 కేబీయే.

టెలిగ్రామ్ టీజీఎస్ దారి వేరు.

అందులో చుక్కలుండవు. చెయ్యి ఆకారం, అది ఏ క్షణాన ఎంత వంగాలన్న సూచనలే ఉంటాయి. వాటిని చదివి ఫోనే బొమ్మ గీస్తుంది. అందుకే సెకనుకు 60 ఫ్రేములతో 3 సెకన్లు ఆడే బొమ్మ కూడా 64 కేబీల్లో ఇమిడిపోతుంది. పెద్దది చేసినా అంచులు చెదరవు.

పెళ్లి వీడియోలోని అక్షింతల ముక్కను మాత్రం ఇలా గీతల్లో పెట్టడం కష్టం. దానికి వెబ్‌ఎం వాడాలి: శబ్దం తీసేసి, 3 సెకన్లకు కత్తిరించి, 256 కేబీల్లోకి తేవాలి. బరువు తగ్గకపోతే ఇంకాస్త కత్తిరించాలి, లేదా సెకనుకు 30 ఉన్న ఫ్రేములను 20కి దించాలి.