పెళ్లి వాయిదా పడితే అడ్వాన్సు అడిగే ఉత్తరం

విజయవాడలో ఒక పెళ్లి అనుకోండి. ముహూర్తం మే 14. మార్చి 28న పెళ్లికొడుకు నాయనమ్మ కాలం చేశారు. కొన్నాళ్లు ఆగుదామని పెద్దలన్నారు. కొత్త ముహూర్తం నవంబరు 20కి కుదిరింది. హాలు వాళ్లు పాత అడ్వాన్సును కొత్త తేదీకి మళ్లించారు. మండపం డెకరేషన్ ఒప్పుకున్నాయనకు మాత్రం ఆ రోజు ఇంకో పెళ్లి ఉంది. మొత్తం నాలుగు లక్షల పనికి లక్షన్నర అడ్వాన్సు ఆయన దగ్గరే ఉండిపోయింది. రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ‘అడ్వాన్సు వాపసు ఇవ్వబడదు’ అని అచ్చయి ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది రాసే ఉత్తరం నిండా ఇంట్లో జరిగిన విషాదమే ఉంటుంది. దానికి జాలి దొరకవచ్చు, డబ్బు దొరకదు. 2020 లాక్‌డౌన్‌లో పెళ్లి చేయడమే కుదరలేదు కాబట్టి అప్పటి వాదన వేరు. ఇంట్లో మరణం వల్ల మనంతట మనం తేదీ మార్చుకుంటే ఒప్పందం అసాధ్యమైందని చెప్పడం కష్టం. పనికొచ్చే ప్రశ్న ఒక్కటే: మనం తేదీ మార్చడం వల్ల ఆయనకు నిజంగా ఎంత నష్టం వచ్చింది?

1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, దక్కేది సముచితమైన పరిహారమే. లెక్కకట్టగల నష్టాన్ని చూపించాల్సిందేనని, నష్టం లేనిచోట పరిహారం లేదని సుప్రీంకోర్టు 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో చెప్పింది. అయితే బుకింగ్ ఖాయం చేసుకోవడానికి బయానాగా ఇచ్చిన చిన్న మొత్తాన్ని ఉంచుకునే హక్కు అవతలివాళ్లకు ఉండవచ్చు. నాలుగు లక్షల పనికి లక్షన్నరను బయానా అనడం అంత తేలిక కాదు.

డెకరేషన్ ఖర్చులో పూలది పెద్ద వాటా. కడియం నుంచి తెప్పించినా, ఊళ్లో మార్కెట్లో కొన్నా, నిలవ ఉండని సరుకు కాబట్టి పెళ్లి దగ్గరపడ్డాకే కొంటారు. ఆరు వారాల ముందు కబురందితే పూల మీద రూపాయి కూడా ఖర్చయి ఉండదు. అయి ఉంటే డిజైన్ బొమ్మలకూ, పేర్లు కోయించిన థర్మాకోల్ బోర్డుకూ అయి ఉండాలి. పెళ్లికి వారం ముందు చెబితే లెక్క తిరగబడుతుంది, ఆ ముహూర్తానికి ఆయనకు మరో బేరం దొరకదు. అందుకే కబురు చెప్పిన తేదీకి అంత బలం.

ఇంకొకటి గమనించాలి. మే 14న ఆయన మనుషులు ఖాళీగా కూర్చున్నారా? ఈ రోజుల్లో డెకరేటర్లు తాము వేసిన ప్రతి మండపాన్నీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారు. ఆ తేదీన ఇంకో పెళ్లి ఫొటో కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి.

ఈ లెక్కలన్నీ పెట్టి, మే నెలాఖరులో రాసే ఉత్తరం ఇలా ఉండవచ్చు:

“ప్రొప్రయిటర్ గారికి నమస్కారం. మే 14న జరగాల్సిన మా అబ్బాయి పెళ్లి డెకరేషన్ కోసం జనవరి 19న మీకు రూ. 1,50,000 అడ్వాన్సు ఇచ్చాం. రసీదు నకలు జతచేశాను. మా అమ్మగారు చనిపోవడంతో పెళ్లి వాయిదా పడిందని ఏప్రిల్ 2న, అంటే 42 రోజుల ముందు, మీకు వాట్సాప్‌లో తెలిపాను. కొత్త తేదీ నవంబరు 20న మీకు వీలుపడదని మీరు ఏప్రిల్ 9న జవాబిచ్చారు. మే 14న మీరు మరో పెళ్లికి పనిచేసినట్టు మీ పేజీలో ఉంది. డిజైన్‌కు, పేర్ల బోర్డుకు రూ. 12,000 అయిందని మీరు ఫోనులో చెప్పారు. అది మినహాయించుకోండి. మిగిలిన రూ. 1,38,000 ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో నా బ్యాంకు ఖాతాకు పంపగలరు. ఇంకేమైనా ఖర్చయిందంటే బిల్లులు పంపండి, చూస్తాను.”

ఇందులో ఎక్కువ పని చేసేది ఆ పన్నెండు వేల మాట. నిజంగా అయిన ఖర్చును మనమే ఒప్పుకుంటే మిగతాది ఎందుకు ఉంచుకున్నారో చెప్పాల్సిన బరువు ఆయన మీద పడుతుంది. జీఎస్‌టీ కట్టేశాం కాబట్టి రాదంటారు కొందరు. పని జరగక, ఇన్వాయిస్ ఇవ్వకముందే అడ్వాన్సు తిరిగిస్తే రిఫండ్ వోచర్ ఇచ్చే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉంది.

ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి, ఫొటో వాట్సాప్‌లోనూ పెట్టాలి. గడువు దాటితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపుంటే ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. చాలావరకు అంతదూరం వెళ్లదు, సగం ఇస్తానంటూ ఫోను వస్తుంది. ఒప్పుకోవడం, మానడం మీ ఇష్టం. మిగతాది కూడా కావాలనుకుంటే మాత్రం, సగం డబ్బు తీసుకునేటప్పుడు ‘ఇక బాకీ ఏమీ లేదు’ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి.