ముందే నొక్కిన బటన్

ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "నేను నొక్కాను, దెబ్బే రాలేదు." చాలాసార్లు అది నిజమే. బటన్ నొక్కుడుపడింది, కానీ తెర మీది పాత్ర రెండో దెబ్బ కొట్టలేదు. ఎందుకో తెలియాలంటే సెకనును అరవై ముక్కలు చేసి చూడాలి.

ఈ గేముల్లో చాలావరకు సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు. పాత్ర ఒక పంచ్ విసిరాక చెయ్యి వెనక్కి తీసుకునేదాకా ఇంకో దెబ్బ మొదలుపెట్టలేదు. ఆ పంచ్ తిన్నవాడు కూడా కాసేపు కదలలేడు. అతను తేరుకునేలోపే మరో దెబ్బ తగిలితే, దాన్నే కాంబో అంటారు.

ఒక లెక్క చూద్దాం. మీరు మీడియం పంచ్ కొట్టారు, తగిలింది. మీ పాత్ర మళ్లీ కదలగలిగేది 31వ ఫ్రేములో, ప్రత్యర్థి తేరుకునేది 35లో. మీ లైట్ పంచ్ మొదలైన నాలుగో ఫ్రేములో తగులుతుంది. అంటే 31లో మొదలైతే 34లో తగులుతుంది, కాంబో నిలుస్తుంది. 32లో మొదలైతే అది 35కు చేరుతుంది, అప్పటికే ప్రత్యర్థి చేతులు అడ్డం పెట్టేస్తాడు. 30లోనే నొక్కితే పాత్ర ఇంకా పాత దెబ్బలోనే ఉంది కాబట్టి ఆ నొక్కుడు గాలికి పోతుంది. సరైన సమయం ఒక్క ఫ్రేమే.

2008లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 4లో కష్టమైన కాంబోలు ఇలాగే ఉండేవి. వాటిని గట్టెక్కడానికి ఆటగాళ్లు ఒక బటన్ నొక్కిన మరుసటి ఫ్రేములోనే ఇంకో బటన్ నొక్కేవాళ్లు. దాంతో మొదటి బటన్ రెండుసార్లు నొక్కినట్టు గేమ్ లెక్కపెట్టేది. 'ప్లింకింగ్' అనే ఈ ఉపాయాన్ని వేళ్లకు పట్టించడానికి ఎంతో సాధన చేసేవాళ్లు. ఆ కష్టం మీద నాకు గౌరవం ఉంది. అయినా పోరాటం తెలివికి పరీక్ష కావాలి గానీ 17 మిల్లీసెకన్ల గురికి కాదని నా అభిప్రాయం. 2016 నాటి స్ట్రీట్ ఫైటర్ 5 ఈ బిగింపును సడలించింది.

సడలించేది ఇన్‌పుట్ బఫర్. ముందే నొక్కిన బటన్‌ను గేమ్ పారేయకుండా, ఏ ఫ్రేములో నొక్కారో చీటీ రాసి పెట్టుకుంటుంది. పాత్రకు వీలు చిక్కగానే ఆ చీటీ చూస్తుంది. గడువు నాలుగు ఫ్రేములు అనుకుందాం. పై లెక్కలో 27 నుంచి 31 దాకా ఎప్పుడు నొక్కినా లైట్ పంచ్ సరిగ్గా 31లోనే మొదలవుతుంది. ఒక్క ఫ్రేము కాస్తా ఐదయింది.

ఇది తొందరపడినవాళ్లనే కాపాడుతుంది, ఆలస్యమైనవాళ్లను కాదు. తప్పు ఎటువైపు జరిగిందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. దెబ్బ అసలే రాకపోతే మరీ ముందు నొక్కారని అర్థం. దెబ్బ వచ్చినా ప్రత్యర్థి అడ్డుకోగలిగితే ఆలస్యమైందని అర్థం. బఫర్ ఉన్న గేములో వేలును కాస్త ముందుకే అలవాటు చేసుకోవాలి.

గేమ్ తయారుచేసేవాళ్లు తడబడే చోటు హిట్‌స్టాప్. దెబ్బ తగిలినప్పుడు బరువు తెలియడానికి రెండు పాత్రలనూ కొన్ని ఫ్రేములపాటు బిగబట్టి ఉంచుతారు. ఆ బిగింపు పది ఫ్రేములనుకోండి. మొదట్లోనే ఆటగాడు తర్వాతి దెబ్బ నొక్కాడు. చీటీ గడువు మాత్రం ఆగకుండా కరిగిపోతే, పాత్రలు కదిలేసరికే అది చెల్లదు. చూసేవాడికి దెబ్బ తగిలిన క్షణంలోనే నొక్కినట్టు కనిపిస్తుంది, గేమ్ మాత్రం పట్టించుకోదు. అందుకే బిగింపు ఉన్నంతసేపూ గడువు లెక్క ఆపాలి. వాడిన చీటీని వెంటనే చింపేయాలి కూడా. లేదంటే ఒక్క నొక్కుడుకు రెండు పంచ్‌లు వస్తాయి.

మరి గడువును 20 ఫ్రేములు చేస్తే? కాంబోలు తేలికవుతాయి, కానీ గేమ్ మాట వినడం మానేస్తుంది. మీ మొదటి పంచ్‌ను ప్రత్యర్థి అడ్డుకున్నాడు, మీరు మనసు మార్చుకుని కాపు కాయాలనుకున్నారు. అప్పటికే నొక్కిన బటన్ ఇంకా చెల్లుతోంది కాబట్టి మీరు వద్దనుకున్న దెబ్బ బయటికొస్తుంది, ఆ సందులో అవతలివాడు కొడతాడు. చిన్న గడువులో ఆటగాడి ఉద్దేశం ఇంకా తాజాగా ఉంటుంది, పెద్ద గడువులో అది పాతబడిపోతుంది.

బఫర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చడానికి మనిషి వేళ్లను నమ్మకూడదు. అదే మీడియం పంచ్ తర్వాత లైట్ పంచ్‌ను ఒక్కోసారి ఒక్కో ఫ్రేములో నొక్కేలా ఇన్‌పుట్‌లను రాసిపెట్టి ఆడించాలి. 26లో నొక్కితే ఏమీ రాకూడదు. 27 నుంచి 31 దాకా ప్రతిసారీ కాంబో పడాలి. 32లో దెబ్బ రావాలి, ప్రత్యర్థి దాన్ని అడ్డుకోగలగాలి. ఆ తర్వాత ఇదే పరీక్షను హిట్‌స్టాప్ ఎక్కువుండే భారీ దెబ్బతో మళ్లీ నడపాలి. లోపం ఉంటే సాధారణంగా బయటపడేది అక్కడే.