చెప్పడం పది నిమిషాలు, చేయించడం అరగంట

సీపీఆర్ మీద గంటసేపు స్లైడ్లు చూసిన విద్యార్థిని బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి నొక్కమంటే ఏం జరుగుతుందో శిక్షకులందరికీ తెలుసు. మోచేతులు వంగిపోతాయి. ఛాతీ 5 సెంటీమీటర్లు దిగాల్సింది రెండు, మూడు దగ్గరే ఆగిపోతుంది. కంగారులో వేగం నిమిషానికి 140 దాటుతుంది. అదే విద్యార్థిని ఎంత లోతు నొక్కాలని అడిగితే ఠక్కున సరైన జవాబు చెబుతాడు. లెక్క తలకెక్కింది కానీ చేతికి రాలేదు.

ఈ తేడా ఎందుకు వస్తుందో తన వృత్తి జీవితమంతా పరిశీలించిన అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రాబర్ట్ గాన్యే (1916–2002). రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన విమాన సిబ్బంది ఎంపిక పరీక్షల మీద పనిచేశాడు. ఆ తర్వాత అమెరికా వైమానిక దళ ప్రయోగశాలల్లో నైపుణ్యాలు ఎలా అలవడతాయో పరిశోధించాడు. 1965లో ‘ది కండిషన్స్ ఆఫ్ లెర్నింగ్’ పుస్తకం వెలువరించాడు. నేర్చుకునేవాడి మనసులో జరిగే ఒక్కో పనికి బయటినుంచి ఒక్కో ఊతం కావాలన్నది ఆయన ఆలోచన. ఆ ఊతాలే తర్వాత బోధనలోని తొమ్మిది ఘట్టాలుగా పేరుపడ్డాయి. దృష్టిని ఆకట్టుకోవడంతో మొదలై, పనితనాన్ని పరీక్షించడం, నేర్చింది నిలబెట్టడం దాకా ఇవి సాగుతాయి.

వీటిని పన్నెండు మందికి 45 నిమిషాల సీపీఆర్ పాఠంలో ఎలా అమర్చవచ్చో చూద్దాం. బొమ్మలు నాలుగు ఉన్నాయనుకుందాం.

దృష్టిని ఆకట్టుకోవడానికి కథలూ చమత్కారాలూ అక్కర్లేదు, పనిలోంచే ఒక ప్రశ్న వేస్తే చాలు. ‘పెళ్లిలో మీ పక్క కుర్చీలో మనిషి కుప్పకూలాడు. మెదడుకు రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్ వచ్చేలోగా మీ చేతులు ఏం చేస్తాయి?’ ఈ ప్రశ్నకు నిమిషం చాలు. ఆ వెంటనే లక్ష్యం చెప్పాలి. చాలా పాఠాలు ఇక్కడే తడబడతాయి. ‘సీపీఆర్‌పై అవగాహన’ అని బోర్డు మీద రాస్తే, ఆ అవగాహన వచ్చిందో లేదో చివర్లో తేల్చే దారి ఉండదు. లక్ష్యమంటే కంటికి కనిపించే పని కావాలి. పడిపోయిన మనిషిని భుజం తట్టి పిలవాలి. పది సెకన్లకు మించకుండా ఊపిరి చూడాలి. పక్కవారితో 108కి ఫోన్ చేయించాలి. తర్వాత ఎవరి సాయమూ లేకుండా రెండు నిమిషాలు ఛాతీ నొక్కాలి. లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120. దీన్ని గోడమీద అతికిస్తే మంచిది, చివరి పరీక్షలో చూసేది కూడా అదే.

మూడో ఘట్టం పాత జ్ఞానాన్ని తట్టి లేపడం. ఎవరి రొమ్ము ఎముకను వాళ్లే తడిమి, దాని కింది సగం ఎక్కడుందో గుర్తుపట్టమంటే సరిపోతుంది. చేయి ఆనించాల్సిన చోటు తెలియడంతోపాటు, ఆ ఎముకకూ వెన్నెముకకూ మధ్యనే గుండె ఉందని బడిలో చదివింది గుర్తొస్తుంది. ఎందుకు నొక్కుతున్నామో వేరే పాఠం అవసరం లేదు.

నాలుగో ఘట్టం చూపించడం. బ్రిటన్ సర్జన్ రోడ్నీ పేటన్ 1998లో సూచించిన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. శిక్షకుడు మొదట ఒక్క మాట కూడా మాట్లాడకుండా అసలు వేగంతో మొత్తం చేసి చూపిస్తాడు. రెండోసారి ఒక్కో అడుగూ విడదీసి, వివరిస్తూ చేస్తాడు. మూడోసారి విద్యార్థి చెబుతుంటే శిక్షకుడు చేస్తాడు. నాలుగోసారి విద్యార్థే చేస్తాడు. మూడో దశ విలువైనది. ‘ఇప్పుడు ఏం చేయాలి?’ అన్నచోట విద్యార్థి ఆగాడంటే, అతని మనసులో ఏ అడుగు జారిపోయిందో బొమ్మ మీద చేయి పెట్టకముందే బయటపడుతుంది.

దారి చూపే ఆనవాళ్లు ఇవ్వడం ఐదో ఘట్టం. ఒక అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగాన్ని ఎముక మీద ఆనించి, రెండో చేయి దానిమీద వేయాలి. మోచేతులు నిటారుగా, భుజాలు సరిగ్గా చేతుల పైన ఉండాలి. బలం చేతుల్లోంచి కాకుండా ఒంటి బరువులోంచి రావాలి. వేగానికి ఫోన్‌లో మెట్రోనోమ్‌ను 110 దగ్గర పెట్టుకోవచ్చు. ముప్పై నొక్కులు 15 నుంచి 18 సెకన్లలో పూర్తయితే వేగం సరిగ్గా ఉన్నట్టే.

ఇక్కడికి పది, పన్నెండు నిమిషాలు మించకూడదు. ఎందుకంటే తర్వాత వచ్చే రెండు ఘట్టాలూ, అంటే చేయించడమూ, చేసినదాని గురించి వెంటనే చెప్పడమూ, ఈ పాఠానికి గుండెకాయ. నాలుగు బొమ్మలుంటే ఒక్కోదాని దగ్గర ముగ్గురు వస్తారు. ఇరవై నిమిషాల సాధనలో ఒక్కొక్కరికి ఆరు నిమిషాల పైనే దొరుకుతుంది. పన్నెండు మందికీ ఒకే బొమ్మ ఉంటే ఆ వాటా రెండు నిమిషాలకు కూడా రాదు.

తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. లోతు చాలకపోతే తెలుసుకోవడం సులువు, తగినంత దిగినప్పుడు ‘టిక్’మనే బొమ్మలు చాలాచోట్ల ఉన్నాయి. కంటికి ఆనని తప్పు వేరే ఉంది. నొక్కిన తర్వాత బరువంతా చేతుల మీదే ఉంచేయడం అది. ఛాతీ పూర్తిగా పైకి లేవకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదు, తర్వాతి నొక్కుకు బయటికి వెళ్లేది తగ్గిపోతుంది. అది పట్టుకోవాలంటే శిక్షకుడు నిలబడి చూస్తే చాలదు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతికీ ఛాతీకీ మధ్య ఒత్తిడి సడలుతోందో లేదో చూడాలి. అప్పుడు కూడా ఒకేసారి నాలుగు తప్పులు చెబితే నేర్చుకునేవాడు అన్నీ వదిలేస్తాడు. ‘బాగుంది’ అన్న మాటా అతనికి ఏమీ నేర్పదు. ‘వేగం సరిపోయింది. ఇప్పుడు ప్రతి నొక్కు తర్వాత బరువు పూర్తిగా వదులు’ అంటే తర్వాతి ముప్పైలో తేడా కనిపిస్తుంది.

ఎనిమిదో ఘట్టం పరీక్ష. సాధనకూ దీనికీ మధ్య గీత గట్టిగా గీయాలి. ఇక్కడ మెట్రోనోమ్ ఉండదు, శిక్షకుడు సైగ కూడా చేయడు. బొమ్మను నేలమీద పడేసి ‘ఈయన కింద పడిపోయాడు’ అని మాత్రమే చెబుతాడు. ఆపైన లక్ష్యంలో రాసినవన్నీ విద్యార్థి వరసగా చేశాడా లేదా అని టిక్కులు పెడతాడు. ‘ఊపిరి ఉందా?’ అని విద్యార్థి అడిగితే, ‘అప్పుడప్పుడూ ఎగశ్వాస తీస్తున్నాడు’ అని శిక్షకుడు జవాబివ్వాలి. ఎగశ్వాసను మామూలు ఊపిరి అనుకుని ఆగిపోయేవాళ్లు ఈ ఒక్క ప్రశ్నతో బయటపడతారు. అసలు సంఘటనలో కూడా జనం మోసపోయేది అక్కడే కాబట్టి దాన్ని పరీక్షలో తప్పక పెట్టాలి. నలుగురిని ఒకేసారి వేర్వేరు బొమ్మల దగ్గర పరీక్షిస్తూ, మిగతా ఎనిమిది మందికి టిక్కుల కాగితాలు ఇచ్చి చూడమంటే సమయం కలిసొస్తుంది.

చివరి ఘట్టం నేర్చినదాన్ని నిలబెట్టడం. ఒకరోజు పాఠంతో ఇది పూర్తికాదు. సీపీఆర్ నైపుణ్యం మూడు నుంచి ఆరు నెలల్లోనే సన్నగిల్లుతుందని పరిశోధనలు మళ్లీ మళ్లీ తేల్చాయి. సర్టిఫికెట్ మీద గడువు రెండేళ్లున్నా చేతుల గడువు అంత ఉండదు. కొన్ని నెలలకొకసారి ఐదు నిమిషాలు బొమ్మ మీద నొక్కించడం మేలు. చోటు కూడా మార్చాలి, ఒకసారి బస్సులో సీట్ల మధ్య ఇరుకులో, ఒకసారి మంచం మీద. మెత్తటి పరుపు మీద నొక్కితే పరుపే దిగిపోతుందని, మనిషిని నేలమీదికి దించాలని అప్పుడు స్వయంగా తెలుస్తుంది.

ఈ తొమ్మిదీ ఇదే వరసలో రావాలనిగానీ, ప్రతిదీ శిక్షకుడే చేయాలనిగానీ గాన్యే పట్టుబట్టలేదు. ఇంతకుముందు సీపీఆర్ నేర్చినవాళ్లయితే మొదటి మూడూ రెండు నిమిషాల్లో ముగించి నేరుగా సాధనకు వెళ్లొచ్చు. తగ్గించకూడనివి మాత్రం సాధన, సవరణ, పరీక్ష. అందుకే కాలేజీకో, అపార్ట్‌మెంట్‌కో, ఆఫీసుకో సీపీఆర్ శిక్షణ పిలిపించేవాళ్లు ముందుగా మూడు విషయాలు అడగండి: బొమ్మలు ఎన్ని తెస్తారు, ఒక్కొక్కరి చేతికి ఎన్ని నిమిషాలు దొరుకుతుంది, చివర్లో ప్రతి ఒక్కరినీ విడిగా పరీక్షిస్తారా. ఈ మూడింటికీ స్పష్టమైన జవాబు రాకపోతే, ఇంకో శిక్షకుణ్ని వెతుక్కోండి.