గాజుపలక వెనక ముఖమే ముందు ఎందుకు దెబ్బతింటుంది?

శక్తిమంతమైన లేజర్లతో పనిచేసేవాళ్లు 1970ల నాటికే ఒక వింత గమనించారు. శుభ్రంగా పాలిష్ చేసిన గాజుపలక గుండా లేజర్ పుంజాన్ని పంపి దాని బలం కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, ఏదో ఒక దశలో గాజు మీద సన్నటి గుంట పడుతుంది. అది వెలుగు నేరుగా వచ్చి తగిలే ముందు ముఖం మీద పడుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ తరచుగా వెలుగు బయటికి వెళ్లే వెనక ముఖం మీద పడుతుంది. ముందు ముఖం దగ్గర కొంత కాంతి ప్రతిఫలించి పోయింది కాబట్టి వెనక ముఖానికి చేరేది తక్కువే. తక్కువ కాంతి అందినచోట ఎక్కువ దెబ్బ ఎలా తగులుతుంది?

దీనికి జవాబు దొరకాలంటే, మనం ఒకటే అనుకునే రెండు విషయాలను విడదీయాలి. ఒకటి వెలుగులోని విద్యుత్ క్షేత్రం ఎంత ఎత్తున ఊగుతోందన్నది. దీన్ని కంపన పరిమితి అంటారు, మీటరుకు ఇన్ని వోల్టులని కొలుస్తారు. రెండోది ఆ వెలుగు మోసుకుపోయే శక్తి ఎంతన్నది. ఒక చదరపు మీటరు గుండా సెకనుకు దాటే శక్తినే తీవ్రత అంటారు, దాన్ని వాట్లలో చెబుతారు. శూన్యంలో ఈ రెంటికీ సూటి బంధం ఉంది. క్షేత్రం రెట్టింపైతే తీవ్రత నాలుగు రెట్లవుతుంది. గాజులోకి అడుగుపెట్టగానే ఆ బంధంలోకి మూడోది ఒకటి వచ్చి చేరుతుంది. అది గాజు వక్రీభవన గుణకం, n.

I = ½ n ε₀ c E²

ఇందులో E కంపన పరిమితి, I తీవ్రత. c శూన్యంలో కాంతి వేగం, ε₀ శూన్యానికి చెందిన ఒక స్థిరాంకం. ముందున్న సగం ఎందుకంటే, కనిపించే వెలుగులో క్షేత్రం సెకనుకు దాదాపు 500 లక్షల కోట్ల సార్లు ఊగుతుంది. ఏ పరికరమూ ఆ ఊపును వెంబడించలేదు, సగటునే చూపుతుంది. పైకీ కిందికీ ఊగేదాని వర్గానికి సగటు తీస్తే శిఖర విలువ వర్గంలో సగం వస్తుంది.

ఇక ఒక లెక్క చేసి చూద్దాం. గాలిలో ఒకే రంగు కాంతిపుంజం వస్తోంది, దాని క్షేత్రం మీటరుకు 1000 వోల్టులు. గాలి గుణకం దాదాపు 1 కాబట్టి తీవ్రత చదరపు మీటరుకు 1327 వాట్లు. భూవాతావరణం పైఅంచున పడే ఎండ తీవ్రత దాదాపు 1361 వాట్లు కాబట్టి, మన పుంజం ఇంచుమించు ఎండంత బలమైనదే. ఈ పుంజం 1.5 గుణకమున్న గాజుపలక మీద నిటారుగా పడిందనుకుందాం.

ఎంత లోపలికి పోతుందో, ఎంత వెనక్కి తిరుగుతుందో చెప్పే సూత్రాలను ఫ్రాన్సుకు చెందిన ఇంజినీరు అగస్టిన్ ఫ్రెనెల్ 1823లోనే ఇచ్చాడు. కాంతి విద్యుదయస్కాంత తరంగమని అప్పటికింకా ఎవరికీ తెలియదు. ఆయన సూత్రాల ప్రకారం మన గాజు దగ్గర క్షేత్రంలో అయిదో వంతు, అంటే 200 వోల్టులు, తలకిందులై వెనక్కి మళ్లుతుంది. సరిహద్దు మీద 1000లోంచి 200 పోగా 800 మిగులుతుంది. గాజు లోపలికి వెళ్లే క్షేత్రం అదే.

చాలామంది విద్యార్థులు కాలు జారేది ఇక్కడే. వెనక్కి మళ్లిన 200 వోల్టుల కాంతి తీవ్రత 53 వాట్లు. లోపలికి పోయిన 800 వోల్టులకు, గాలిలో వాడిన సూత్రమే వాడితే 849 వాట్లు వస్తుంది. రెండూ కలిపితే 902. వచ్చింది 1327 కదా, మిగతా 425 వాట్లు ఏమైనట్టు? మంచి గాజు ఉపరితలం మీద అంత శక్తి మింగేది ఏదీ లేదు. జమాఖర్చు కుదరలేదంటే ఏదో వదిలేశామన్నమాట. వదిలేసింది n. గాజు లోపల తీవ్రతను 1.5తో గుణిస్తే 849 కాస్తా 1274 అవుతుంది. దానికి 53 కలిపితే సరిగ్గా 1327. క్షేత్రం అయిదో వంతు తగ్గినా శక్తిలో 4 శాతమే వెనక్కి పోయింది, 96 శాతం లోపలికి వెళ్లింది.

ఇంతకీ ఆ n ఎక్కడినుంచి వచ్చింది? దీన్ని రెండు దారుల్లో చూడొచ్చు. నాకు రెండోదే ఇష్టం గానీ, మొదటిది అందరికీ త్వరగా అందుతుంది.

హైవే మీద టోల్‌గేటు దాటే లారీల సంఖ్యను లెక్కపెట్టాలంటే, కిలోమీటరుకు ఎన్ని లారీలున్నాయో, అవి ఎంత వేగంతో వస్తున్నాయో తెలిస్తే చాలు. రెంటినీ గుణిస్తే గంటకు ఎన్ని దాటుతాయో వస్తుంది. కాంతి శక్తి కూడా అలాగే. గాజులో కాంతి నెమ్మదిస్తుంది, వేగం మూడింట రెండు వంతులకు పడిపోతుంది. కానీ ఘనమీటరులో పోగుపడ్డ శక్తి పెరుగుతుంది. క్షేత్రం గాజులోని అణువుల ఎలక్ట్రాన్లను అటూ ఇటూ లాగుతూ ఉంటుంది కాబట్టి, అదే క్షేత్రానికి గాజు n వర్గమంత, అంటే 2.25 రెట్లు, ఎక్కువ శక్తిని పట్టి ఉంచుతుంది. క్షేత్రం 0.8కి తగ్గినందువల్ల 0.64, దాన్ని 2.25తో గుణిస్తే 1.44. గాలిలోకన్నా గాజులో శక్తి 44 శాతం చిక్కగా ఉంది. ఆ 1.44ను వేగపు నిష్పత్తి మూడింట రెండుతో గుణిస్తే మళ్లీ అదే 0.96 వస్తుంది. n వర్గంలో ఒక n వేగంతో కొట్టుకుపోగా మిగిలిన n సూత్రంలో కనిపిస్తోంది.

నిజానికి గాజులో రంగురంగుకీ గుణకం మారుతుంది. అందువల్ల తరంగ శిఖరాలు కదిలే వేగం, శక్తి కదిలే వేగం కొంచెం తేడాగా ఉంటాయి. అప్పుడు పై సూత్రం చెల్లదేమోనని అనుమానం రావచ్చు. చెల్లుతుంది. శక్తి కాస్త నెమ్మదించినంత మేరకు లోపల పోగయ్యే శక్తి కూడా పెరుగుతుంది, రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. చివరికి సూత్రంలో మిగిలేది మామూలు n ఒక్కటే.

రెండో దారి అయస్కాంత క్షేత్రం వైపునుంచి. బర్మింగ్‌హామ్‌లో భౌతికశాస్త్రం బోధించిన జాన్ హెన్రీ పాయింటింగ్ 1884లో చూపించిందేమంటే, శక్తి ప్రవాహం విద్యుత్ క్షేత్రం ఒక్కదాని వల్ల కాదు, విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుణకారం వల్ల. ఆ రెండూ ఏ వైపు చూస్తున్నాయన్నదాన్ని బట్టి ప్రవాహ దిశ తేలుతుంది. రెండూ ఒకేసారి తలకిందులైతే దిశ మారదు. కాబట్టి వెనక్కి మళ్లే తరంగంలో వాటిలో ఒక్కటే తలకిందులు కావాలి. ముందు ముఖం దగ్గర తలకిందులయ్యేది విద్యుత్ క్షేత్రం, అందుకే అది 1లోంచి 0.2 పోయి 0.8 అయింది. అయస్కాంత క్షేత్రం తలకిందులు కాలేదు, అది 1కి 0.2 కలిసి 1.2 అయింది. 0.8ను 1.2తో గుణిస్తే 0.96. గాజులోకి వెళ్లిన వెలుగు బలహీనపడలేదు. దానిలోని విద్యుత్ భాగం తగ్గింది, అయస్కాంత భాగం పెరిగింది.

ఇప్పుడు వెనక ముఖానికి వద్దాం. గాజులోంచి గాలిలోకి దాటేటప్పుడు పాత్రలు తారుమారవుతాయి. ఇక్కడ వెనక్కి మళ్లే తరంగంలో తలకిందులయ్యేది అయస్కాంత క్షేత్రం. విద్యుత్ క్షేత్రం అదే దిశలో మళ్లుతుంది, కాబట్టి సరిహద్దు దగ్గర లోపలి 800 వోల్టులకు 160 కలిసి 960 అవుతుంది. బయటికి వెళ్లే క్షేత్రం కూడా 960. లోపల ఉన్నదానికన్నా బయటికి వచ్చింది 1.2 రెట్లు ఎక్కువ! శక్తి ఊరికే పుట్టిందా అని కంగారుపడక్కర్లేదు. బయట n విలువ 1 కాబట్టి 960 వోల్టులకు 1223 వాట్లే. లోపలికి మళ్లిన 160 వోల్టులకు 1.5తో లెక్కిస్తే 51. కలిపితే, గాజులో ప్రయాణించి వచ్చిన ఆ 1274 వాట్లే.

మొదటి ప్రశ్నకు జవాబు ఈ అంకెల్లోనే ఉంది. గాజు దెబ్బతినడమంటే ప్రధానంగా విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను అణువుల నుంచి లాగేయడంతో మొదలయ్యే పని. వెలుగులోని అయస్కాంత క్షేత్రానికి ఇందులో చెప్పుకోదగ్గ పాత్ర లేదు. ముందు ముఖం మీద విద్యుత్ క్షేత్రం 800, వెనక ముఖం మీద 960. వర్గాల నిష్పత్తి చూస్తే 1.44. చేరిన శక్తి 4 శాతం తక్కువైనా, గాజును పీడించే క్షేత్రపు వర్గం వెనక ముఖం దగ్గర 44 శాతం ఎక్కువ. ఈ వివరణను క్రిస్ప్, బోలింగ్, డ్యూబే అనే ముగ్గురు 1972లో ప్రచురించారు.

ఎండంత వెలుగులో ఈ తేడా ఎవరికీ కనబడదు. చదరపు సెంటీమీటరుకు 100 కోట్ల వాట్లను కొన్ని నానోసెకన్లపాటు కుమ్మరించే లేజర్‌ను తీసుకుంటే, గాలిలో దాని క్షేత్రం మీటరుకు 8.7 కోట్ల వోల్టులు. అది ముందు ముఖం మీద 7 కోట్లు, వెనక ముఖం మీద 8.3 కోట్లు అవుతుంది. గాజు తట్టుకోగల హద్దు ఆ రెంటి మధ్యలో పడిందంటే ముందు ముఖం చెక్కుచెదరదు, వెనకది చెడుతుంది.

ప్రతిఫలనమే ఈ అసమానతకు మూలం కాబట్టి, దాన్ని ఆపే పూత వేస్తే రెండు ముఖాల బయటి అంచుల్లోనూ క్షేత్రం మళ్లీ 1000కి సమానమవుతుంది. అప్పుడు ముందూ వెనకా తేడా పోతుంది గానీ, ఇక పూత ఎంత తట్టుకుంటుందన్నది కొత్త చిక్కు. పాలిషింగ్‌లో మిగిలిపోయిన కంటికి కనపడని బీటల అంచుల్లో క్షేత్రం ఇంకా ఎక్కువగా పోగవుతుంది. ఆచరణలో వెనక ముఖం మీద గుంట మొదలయ్యేది ఎక్కువగా అలాంటి చోటే.

వెనక ముఖం మీద కనిపించిన ప్రతి దెబ్బకూ ఫ్రెనెల్‌ను బాధ్యుణ్ణి చేయడమూ తప్పే. తీవ్రత మరీ పెరిగితే n స్థిరంగా ఉండదు, వెలుగు ఎక్కువున్నచోట అదీ కాస్త పెరుగుతుంది. పుంజం మధ్యభాగం ప్రకాశవంతం కాబట్టి అక్కడ గాజు కటకంలా మారి వెలుగును తనలో తానే కుదించేస్తుంది. పలక మందంగా ఉంటే ఆ కుదింపు కూడా వెనక ముఖం దగ్గరకు వచ్చేసరికి ముదురుతుంది. రెంటినీ వేరు చేయడానికి పలకను పక్కనుంచి మైక్రోస్కోపులో చూస్తారు. తనంతట తాను కుదించుకున్న వెలుగు గాజు లోతుల్లో వెంట్రుకవాసి గీతల్లాంటి జాడలు వదులుతుంది. సరిహద్దు క్షేత్రం చేసిన దెబ్బైతే లోపలంతా తేటగా ఉండి, గుంట ఉపరితలం మీదే ఉంటుంది.

అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలోని 192 పుంజాల లేజర్‌కు ఈ గుంటల పీడ నిత్యకృత్యం. వెనక ముఖం మీద పడిన గుంట ప్రతి షాట్‌కూ వేగంగా పెద్దదవుతుంది. అందుకే అక్కడ సిలికా పలకలను మధ్యమధ్యలో బయటికి తీస్తారు. గుంట చిన్నగా ఉండగానే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో కరిగించి నునుపు చేసి మళ్లీ బిగిస్తారు.