మీకు తెలుసా? జిడ్డుకూ నీళ్లకూ సంధి కుదిర్చే సబ్బు

గారెలు వేయించిన మూకుడును కుళాయి కింద ఎంతసేపు పెట్టినా నూనె వదలదు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా ఆకర్షించుకుంటాయి. నూనె అణువులకు వాటి మధ్య చోటు దొరకదు. అందుకే నీళ్లు జిడ్డు మీద నుంచి జారిపోతాయి.

సబ్బు అణువుకు రెండు కొసలు, రెండు స్వభావాలు. సబ్బుల్లో ఉండే సోడియం స్టియరేట్‌నే తీసుకుంటే, దాని తలకు విద్యుదావేశం ఉంటుంది, నీళ్లంటే ఇష్టం. 17 కార్బన్ పరమాణువుల పొడవాటి తోకకు మాత్రం నూనెతోనే పొత్తు. సబ్బు నీళ్లు పడగానే తోకలు జిడ్డులోకి దిగుతాయి, తలలు బయట నీళ్లలోనే ఉండిపోతాయి. పీచుతో రుద్దితే జిడ్డు పొర సన్నటి బొట్లుగా విడిపోతుంది. ప్రతి బొట్టు చుట్టూ తలలు బయటికి తిరిగి ఉంటాయి. వాటన్నిటిదీ రుణావేశమే కాబట్టి బొట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, మళ్లీ తేలిగ్గా కలవవు. మూకుడు కడిగిన నీళ్లు తెల్లగా మసకబారేది ఈ బొట్ల వల్లే.

ఉప్పగా ఉండే బోరు నీళ్ల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బు తలలను పట్టేసుకుంటాయి. నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి తెట్టు కడుతుంది. ఎంత అరగదీసినా సబ్బు దండగే!

డిటర్జెంట్ల తల వేరే రకం. కాల్షియానికి అంత సులువుగా చిక్కదు. ఇక మన కుంకుడుకాయలోని సాపోనిన్లదీ రెండు కొసల నిర్మాణమే. వాటిలో నీటిని కోరే భాగం చక్కెరలతో తయారైంది.